మిగిలిందెంత, మించిందెంత: సింప్లెక్స్ మొదలుపెట్టే ముందు అసమీకరణాలను సమీకరణాలుగా మార్చడం

హైదరాబాద్‌లో ఇరానీ చాయ్ హోటళ్లకు బిస్కెట్లు సరఫరా చేసే ఒక మోస్తరు బేకరీ ఉందనుకుందాం. అందులో రెండే రకాలు తయారవుతాయి: ఉస్మానియా బిస్కెట్లు, ఫ్రూట్ బిస్కెట్లు. ఉస్మానియా ఒక వాయికి 4 కిలోల మైదా పడుతుంది, బట్టీ 30 నిమిషాలు కావాలి. ఫ్రూట్ బిస్కెట్లు ఒక వాయికి 6 కిలోల మైదా, 20 నిమిషాల బట్టీ. రోజుకు 120 కిలోల మైదా ఉంది. బట్టీ 600 నిమిషాలు, అంటే పది గంటలు నడుస్తుంది. హోటళ్లతో కుదిరిన ఒప్పందం ప్రకారం రోజూ కనీసం 8 వాయిల ఉస్మానియా ఇవ్వాలి. ఉస్మానియా వాయికి 500 రూపాయలు, ఫ్రూట్ వాయికి 400 రూపాయలు చేతికొస్తాయి. మైదా ముందే కొని పెట్టుకున్నది కాబట్టి దాని ఖర్చు ఈ 500, 400లలో తీసేయలేదు. అంకెలన్నీ లెక్క సులువుగా తేలడానికి వేసుకున్నవే. బేకరీలో కూర్చునేవాళ్లకు మాత్రం ప్రశ్న బాగా తెలిసినదే: ఏది ఎన్ని వాయిలు చేస్తే ఎక్కువ మిగులుతుంది?

ఉస్మానియా వాయిల సంఖ్య x1, ఫ్రూట్ వాయిల సంఖ్య x2 అనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. సగం వాయి కూడా చేయవచ్చని అనుకుందాం.

```
Z = 500x1 + 400x2   (గరిష్ఠం)
4x1 + 6x2   ≤ 120    (మైదా, కిలోలు)
30x1 + 20x2 ≤ 600    (బట్టీ, నిమిషాలు)
x1          ≥ 8      (ఒప్పందం, వాయిలు)
x1, x2 ≥ 0
```

ఇలాంటి లెక్కలు తేల్చడానికి గణితవేత్త జార్జ్ డాంట్జిగ్ 1947లో రూపొందించిన సింప్లెక్స్ పద్ధతికి దీన్ని ఇలాగే అందిస్తే పని జరగదు. ముందు మూడు నిబంధనలనూ సమీకరణాలుగా మార్చాలి. బీఎస్సీ, ఎంబీఏ తరగతుల్లో ఈ మార్పు సాధారణంగా రెండు లైన్లలో అయిపోతుంది: చిన్నదో సమానమో అయితే s కలపండి, పెద్దదో సమానమో అయితే s తీసేయండి, ఇక పట్టిక వేయండి. విద్యార్థి ఆ రెండు లైన్లు కంఠతా పట్టి పట్టికలోకి దూకుతాడు. కానీ పట్టికలో తర్వాత వచ్చే చిక్కుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంటుంది, చివర్లో వచ్చే జవాబు అర్థం కావాలన్నా ఇక్కడికే తిరిగి రావాలి. కాబట్టి ఈ రెండు లైన్ల దగ్గర కాస్త నిలబడడం మంచిది.

అసలు సమీకరణాలే ఎందుకు? సింప్లెక్స్ చేసే పనంతా ఒక వరుసను ఒక సంఖ్యతో గుణించి మరో వరుసలోంచి తీసేయడం. సమీకరణాల విషయంలో ఇది ఎప్పుడూ నిజాన్ని చెడగొట్టదు. అసమీకరణాల్లో చెడగొడుతుంది. 5 ≤ 10 నిజం, 1 ≤ 8 కూడా నిజం. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే 4 ≤ 2 అని వస్తుంది, ఇది అబద్ధం. అసమీకరణాలను కూడుకోవచ్చు, ధన సంఖ్యతో గుణించుకోవచ్చు. ఒకదాంట్లోంచి మరొకటి తీసేయడం మాత్రం కుదరదు. గుణకాలు ఒకే గుర్తుతో ఉన్న చలరాశిని తీసివేత లేకుండా వరుసల్లోంచి తొలగించడం అసాధ్యం. అందుకే అసమానతను ఒక సమీకరణంలోకీ ఒక గుర్తు నిబంధనలోకీ విడగొట్టాలి.

మైదా నిబంధననే చూద్దాం. వాడిన మైదా 120 కిలోలకు మించకూడదు. అంటే వాడినదీ మిగిలినదీ కలిపితే సరిగ్గా 120. ఆ మిగిలినదానికి s1 అని పేరు పెడితే సమీకరణం వచ్చేస్తుంది: 4x1 + 6x2 + s1 = 120. దీన్నే స్లాక్ చలరాశి అంటారు. ఇక్కడ అసమానత ఎక్కడికీ పోలేదు, s1 ≥ 0 అనే చిన్న షరతులోకి చేరింది. ఆ షరతు రాయడం మరిచిపోతే మొత్తం మార్పు అర్థం లేనిదవుతుంది. s1 = –30 అని రాసుకోగలిగితే బేకరీ 150 కిలోలు వాడేసినా సమీకరణం చక్కగా సరిపోతుంది, లేని మైదాతో బిస్కెట్లు చేసినట్టవుతుంది. పరీక్ష పేపర్లలో చివరి లైనులో x1, x2 ≥ 0 అని మాత్రమే రాసి s లను వదిలేయడం తరచూ కనిపిస్తుంది. అది రాతలో చిన్న లోపంలా కనిపించినా, నిజానికి నిబంధననే తీసేసినట్టు.

బట్టీకి కూడా అదే పద్ధతి: 30x1 + 20x2 + s2 = 600. ఇక్కడ s2 అంటే బట్టీ ఖాళీగా ఉన్న నిమిషాలు. s1 కిలోల్లో ఉంది, s2 నిమిషాల్లో ఉంది. ప్రతి స్లాక్‌కూ దాని వరుసలో ఉన్న ప్రమాణమే ఉంటుంది. బట్టీ వరుసను గంటల్లో రాస్తే (0.5x1 + (1/3)x2 ≤ 10) s2 కూడా గంటల్లోకి మారుతుంది, చివర్లో బట్టీ సమయానికి తేలే రూపాయల ధర అరవై రెట్లు పెరుగుతుంది. లెక్క తప్పు కాదు, ప్రమాణం మారింది అంతే. కానీ గుర్తుపెట్టుకోకపోతే జవాబును చదవడంలో తప్పు జరుగుతుంది.

ఒప్పందం వరుస దీనికి తలకిందులు. ఉస్మానియా 8 వాయిలకు తగ్గకూడదు, ఎక్కువైతే ఫరవాలేదు. ఆ ఎక్కువైనదాన్ని తీసేస్తే సరిగ్గా 8 మిగలాలి: x1 – s3 = 8, s3 ≥ 0. ఇది సర్‌ప్లస్ చలరాశి, ఒప్పందాన్ని మించి చేసిన వాయిలు. స్లాక్, సర్‌ప్లస్ రెండూ రుణం కాని సంఖ్యలే. తేడా వాటి ముందున్న గుర్తులో ఉంది. ఆ ఒక్క గుర్తు వల్లే తర్వాతి అడుగు మారిపోతుంది.

ఇప్పుడు చలరాశులు అయిదు, సమీకరణాలు మూడు. ఏవైనా రెండు చలరాశులను సున్నా చేస్తే మిగిలిన మూడింటి విలువలు మామూలుగా తేలిపోతాయి. ఆ మూడింటినీ బేసిస్ అంటారు. గ్రాఫ్ గీసి చూస్తే దీని అర్థం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. s1 = 0 అంటే మైదా గీత మీద ఉన్నాం, s2 = 0 అంటే బట్టీ గీత మీద, x2 = 0 అంటే అడ్డంగా ఉండే అక్షం మీద. రెండు చలరాశులు సున్నా అంటే రెండు గీతలు కలిసే చోట, అంటే మూలలో ఉన్నామన్నమాట. స్లాక్, సర్‌ప్లస్ చలరాశులు లేకపోతే మూల అనేదాన్ని బీజగణితంలో ఇంత తేలిగ్గా చెప్పలేం. అయిదింట్లోంచి రెండింటిని పది విధాలుగా ఎంచుకోవచ్చు. ఈ లెక్కలో x1 = 0, s3 = 0 అనే జత పొసగదు, ఎందుకంటే ఉస్మానియా ఒకేసారి సున్నా, ఎనిమిది కాలేదు. మిగిలిన తొమ్మిదింట్లో అయిదు చోట్ల ఏదో ఒక చలరాశి రుణమవుతుంది. పనికొచ్చే మూలలు నాలుగే.

సింప్లెక్స్ ఒక మూల నుంచి పక్క మూలకు నడుస్తుంది. అయితే మొదటి మూల ఎవరైనా చూపించాలి. అన్నీ స్లాక్‌లే ఉన్న లెక్కలో ఇది ఉచితంగా దొరుకుతుంది: ఏ బిస్కెట్టూ చేయకపోతే మైదా అంతా మిగులుతుంది, బట్టీ రోజంతా ఖాళీ. x1 = 0, x2 = 0, s1 = 120, s2 = 600. పట్టికలో స్లాక్‌ల కింద ఏకాంక మాత్రిక అలా వచ్చి కూర్చుంటుంది, లెక్క మొదలుపెట్టవచ్చు.

ఒప్పందం వరుసలో అదే పని చేస్తే x1 = 0 దగ్గర –s3 = 8, అంటే s3 = –8 వస్తుంది. ఏమీ చేయకుండా కూర్చుంటే ఒప్పందాన్ని మించి మైనస్ ఎనిమిది వాయిలు చేసినట్టు. ఒప్పందం తప్పినట్టని దీని అర్థం. ఇక్కడ చాలామంది వరుసను –1తో గుణించి –x1 + s3 = –8 అని రాసి, s3 ముందు ప్లస్ వచ్చింది కదా, ఇది బేసిస్‌లోకి పనికొస్తుందని అనుకుంటారు. గుర్తు మారింది, విలువ మారలేదు. కుడివైపు రుణ సంఖ్య వచ్చింది కాబట్టి s3 అప్పుడూ –8 గానే ఉంది. సున్నా బిందువు ఒప్పందం గీతకు అవతల ఉంది, ఏ రాతమార్పూ దాన్ని ఇవతలికి తీసుకురాదు.

అందుకే ఈ వరుసకు మరో చలరాశి కావాలి: x1 – s3 + a3 = 8. a3 కృత్రిమ చలరాశి. మొదట్లో x1, s3 రెండూ సున్నా, a3 = 8. స్లాక్, సర్‌ప్లస్‌లకు బేకరీలో కిలోలో నిమిషాలో వాయిలో అనే అర్థం ఉంటుంది. a3కి ఉన్న అర్థం మాత్రం ఒక్కటే: ఒప్పందానికి ఇంకా ఎంత తక్కువ పడుతోందో ఆ లోటు. లోటు సున్నా అయ్యేదాకా ఉన్నవి మన లెక్కకు జవాబులే కావు. కాబట్టి రెండు దశల పద్ధతిలో ముందు లాభం సంగతి పక్కనపెట్టి a3ని కనిష్ఠం చేస్తాం. బిగ్ ఎం పద్ధతిలో a3కి చాలా పెద్ద జరిమానా వేస్తాం. కాగితం మీద రెండూ ఒకటే. కంప్యూటర్‌లో ఆ జరిమానా సంఖ్య మరీ పెద్దదైతే అసలు అంకెలు దాని పక్కన దశాంశాలను కత్తిరించినప్పుడు వచ్చే దోషంలో కొట్టుకుపోతాయి కాబట్టి రెండు దశల పద్ధతే నమ్మదగింది.

లోటు అనే ఈ అర్థం వట్టి మాట కాదు. ఒప్పందం 8 బదులు 25 వాయిలైతే ఏమవుతుందో చూడండి. బట్టీ మొత్తం ఉస్మానియాకే ఇచ్చినా 600/30 = 20 వాయిలు మాత్రమే వస్తాయి. మొదటి దశ a3 = 5 దగ్గర ఆగిపోతుంది. సాధ్యం కాదని చెప్పడంతో పాటు, ఎంత మేర సాధ్యం కాదో కూడా లెక్క చెబుతోంది: అయిదు వాయిలు తక్కువ. ఒప్పందం రాసుకోవడానికి ముందు తెలియాల్సిన సంఖ్య ఇది.

కృత్రిమ చలరాశి ఎక్కడ అవసరమో గుర్తుపట్టడంలో ఇంకో చిక్కుంది. వరుసలో ఉన్న గుర్తును మాత్రమే చూసి నిర్ణయించకూడదు, కుడివైపు సంఖ్యను కూడా చూడాలి. ఫ్రూట్ వాయిలు ఉస్మానియా కంటే కనీసం 5 ఎక్కువ ఉండాలన్న షరతును ఎవరైనా x1 – x2 ≤ –5 అని రాశారనుకోండి. ≤ ఉంది కదా అని స్లాక్ వేసేస్తే సున్నా బిందువు దగ్గర ఆ స్లాక్ –5 అవుతుంది. ముందు –1తో గుణించి –x1 + x2 ≥ 5 గా మార్చాలి, అప్పుడు ఇది సర్‌ప్లస్, కృత్రిమ చలరాశి రెండూ అడిగే వరుస అని తెలుస్తుంది. దీనికి విరుద్ధంగా x1 – x2 ≥ –3 అనేది చూడ్డానికి సర్‌ప్లస్ వరుసలా ఉన్నా, గుణించగానే –x1 + x2 ≤ 3 అవుతుంది. ఒక్క స్లాక్ చాలు. కుడివైపు సున్నా ఉన్న x1 – 2x2 ≥ 0 లాంటి వరుసల దగ్గర విద్యార్థులు ఎక్కువగా అనవసరపు శ్రమ పడతారు. దాన్ని –x1 + 2x2 ≤ 0 అని రాస్తే స్లాక్ సున్నా విలువతో బేసిస్‌లోకి వచ్చేస్తుంది, కృత్రిమ చలరాశి అక్కర్లేదు. మిశ్రమాల లెక్కల్లో ఒకటి మరోదానికి కనీసం రెట్టింపు ఉండాలనే షరతులన్నీ ఇలాంటివే. అయితే బేసిస్‌లో సున్నా విలువ ఉన్నప్పుడు ఒక అడుగు వేసినా Z కదలకపోవచ్చు, దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు.

మన బేకరీకి తిరిగొద్దాం. మొదటి దశలో x1ని పెంచితే a3 తగ్గుతుంది. ఎంతవరకు పెంచవచ్చు? మైదా 120/4 = 30 దాకా ఒప్పుకుంటుంది, బట్టీ 20 దాకా, ఒప్పందం వరుస 8 దగ్గరే ఆపుతుంది. కాబట్టి a3 బయటికి వెళ్లి x1 దాని స్థానంలోకి వస్తుంది. ఒక్క అడుగులో మొదటి దశ అయిపోయింది. బేసిస్‌లో ఉన్నవాటిని ఎడమవైపు ఉంచి రాస్తే పరిస్థితి ఇది:

```
x1 = 8 + s3
s1 = 88 - 4s3 - 6x2
s2 = 360 - 30s3 - 20x2
Z  = 4000 + 500s3 + 400x2
```

ఇక్కడ మొదటి వరుసను మరోసారి చూడాలి. x1 = 8 + s3. ఒప్పందం ఎనిమిది, దాని మీద అదనం s3. ఇది నేరుగా రాసుకోగలిగిన మాటే. ఒక చలరాశికి మాత్రమే కనీస పరిమితి ఉన్నప్పుడు x1 బదులు 8 + s3 అని మొదట్లోనే ప్రతిక్షేపిస్తే ఒప్పందం వరుసే ఉండదు, కృత్రిమ చలరాశీ అక్కర్లేదు, రెండు స్లాక్‌లతో లెక్క మొదలవుతుంది. సర్‌ప్లస్ చలరాశి చేసే పని మూలబిందువును కొత్త చోటుకు జరపడమేనని ఇక్కడ కళ్లకు కడుతుంది. నిజమైన సాఫ్ట్‌వేర్ కూడా ఇలాంటి పరిమితులను ప్రత్యేక వరుసలుగా పెట్టుకోదు.

కానీ పరిమితి రెండు మూడు చలరాశుల మొత్తం మీద ఉంటే ఈ దగ్గరి దారి దొరకదు. దీనికి ప్రసిద్ధ ఉదాహరణ ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 1945లో ప్రచురించిన ఆహారం లెక్క. 77 రకాల ఆహార పదార్థాల్లోంచి 9 పోషకాలు కనీస మోతాదుకు తగ్గకుండా, ఏడాదికి అతి తక్కువ ఖర్చులో ఎంచుకోవాలి. ప్రతి పోషకం వరుసలోనూ పెద్దదో సమానమో అనే గుర్తే, ప్రతి వరుసలోనూ ఎన్నో పదార్థాలు. ఏమీ తినకపోవడం అనే సున్నా బిందువు తొమ్మిది షరతులనూ తప్పుతుంది. స్టిగ్లర్ తెలివైన ఊహలతో 39.93 డాలర్ల జవాబు కనుక్కున్నాడు. 1947లో జాక్ లేడర్‌మన్ ఆధ్వర్యంలో, చేతితో నడిపే గణన యంత్రాల మీద, దాదాపు 120 పనిదినాల శ్రమతో సింప్లెక్స్ ఇచ్చిన జవాబు 39.69 డాలర్లు.

బేకరీ లెక్క ఇంకా పూర్తి కాలేదు. Zలో s3 ముందు 500 ఉంది, x2 ముందు 400. పెద్దది s3 కాబట్టి అదే లోపలికి వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది వింతగా తోస్తుంది: లాభం లేని చలరాశి, Zలో సున్నా గుణకంతో మొదలైనది, ఇప్పుడు లోపలికి ఎందుకొస్తోంది? ఒప్పందాన్ని మించి ఉస్మానియా చేయడమంటే s3ని పెంచడమే. ఆ 500 నిజానికి ఉస్మానియాదే. బట్టీ 12 దగ్గర ఆపుతుంది, s2 బయటికి వెళ్తుంది:

```
x1 = 20 - (2/3)x2 - (1/30)s2
s3 = 12 - (2/3)x2 - (1/30)s2
s1 = 40 - (10/3)x2 + (2/15)s2
Z  = 10000 + (200/3)x2 - (50/3)s2
```

బట్టీ నిండింది, మైదా 40 కిలోలు మిగిలి ఉంది. ఇప్పుడు x2ని పెంచితే లాభం. మైదా 12 వాయిల దగ్గర అయిపోతుంది:

```
x1 = 12 + (1/5)s1 - (3/50)s2
x2 = 12 - (3/10)s1 + (1/25)s2
s3 = 4 + (1/5)s1 - (3/50)s2
Z  = 10800 - 20s1 - 14s2
```

Zలో ఇక ప్లస్ గుణకాలు లేవు. ఉస్మానియా 12 వాయిలు, ఫ్రూట్ 12 వాయిలు, రోజుకు 10,800 రూపాయలు. s1 = 0, s2 = 0: మైదా, బట్టీ రెండూ పూర్తిగా వాడేశారు. s3 = 4: ఒప్పందాన్ని మించి నాలుగు వాయిలు.

చివరి లైను బేకరీ యజమానికి చాలా చెబుతుంది. ఒక కిలో మైదా వాడకుండా వదిలేస్తే 20 రూపాయలు పోతాయి, బట్టీ ఒక నిమిషం ఖాళీగా ఉంటే 14 రూపాయలు పోతాయి. అదే మాట అటువైపు నుంచి చెబితే, అదనంగా దొరికే ఒక్కో కిలో మైదా 20 రూపాయలు తెస్తుంది. స్లాక్ చలరాశులను వేరువేరుగా పేర్లు పెట్టి ఉంచినందుకే ఈ ధరలు వేరువేరుగా బయటపడ్డాయి.

ఈ 20 రూపాయల ధర ఎంతదాకా నిలుస్తుందో నిర్ణయించేది సర్‌ప్లస్. మైదా ఒక కిలో పెరిగితే ఫ్రూట్ 0.3 వాయి పెరుగుతుంది, బట్టీ సరిపెట్టడానికి ఉస్మానియా 0.2 వాయి తగ్గుతుంది. అంటే s3 కూడా 0.2 తగ్గుతుంది. దాని చేతిలో ఉన్నది 4. కాబట్టి ఇరవై కిలోల దాకా, మొత్తం మైదా 140 కిలోలు అయ్యేదాకా ధర నిలుస్తుంది. అక్కడ ఉస్మానియా 8, ఫ్రూట్ 18, Z 11,200. ఆపైన ఒప్పందం అడ్డం వస్తుంది, ఇంకా మైదా తెచ్చినా మూలన పడి ఉండడమే. 150 కిలోలు తెస్తే జవాబు అదే 8, 18. s1 = 10 కిలోలు, s2 = 0, s3 = 0.

ఈ 150 కిలోల లెక్కలోనే, మార్పిడిలో జరిగే ఒక తప్పు ఎంత లోతుగా దాక్కుంటుందో చూడవచ్చు. కొందరు తొందరలో రెండు ≤ వరుసలకూ ఒకే s వేస్తారు: 4x1 + 6x2 + s = 150, 30x1 + 20x2 + s = 600. దీని అర్థం మిగిలిన మైదా కిలోలూ ఖాళీ నిమిషాలూ ఎప్పుడూ సమానంగా ఉండాలని. బేకరీలో అలాంటి షరతు ఎవరూ పెట్టలేదు. ఒక వరుసలోంచి మరోదాన్ని తీసేస్తే 26x1 + 14x2 = 450 అనే గీత వస్తుంది. విశాలంగా ఉన్న సాధ్య ప్రాంతం ఆ గీత మీదికి కుంచించుకుపోతుంది. ఆ గీత మీద అత్యుత్తమం ఉస్మానియా 8, ఫ్రూట్ 17.29, లాభం సుమారు 10,914 రూపాయలు. నిజమైన 11,200 కంటే రోజుకు 286 రూపాయలు తక్కువ. సింప్లెక్స్ దేనికీ అభ్యంతరం చెప్పదు, దానికిచ్చిన లెక్కను అది సరిగ్గానే చేసింది.

మైదా 120 కిలోలు ఉన్నప్పుడు ఇదే తప్పు చేసి ఉంటే బయటపడేదే కాదు. అక్కడ రెండు స్లాక్‌లూ సున్నా, సమానమే కాబట్టి సరైన జవాబు ఆ తప్పుడు గీత మీదే ఉంది: 26×12 + 14×12 = 480. జవాబు పుస్తకంతో సరిపోతుంది, తప్పు లెక్కలోనే ఉండిపోతుంది, అంకెలు మారిన రోజున దెబ్బతీస్తుంది. దీన్ని పట్టుకునే మార్గం ఒకటుంది. 150 లెక్కలో తప్పుడు జవాబులో 14.29 కిలోలు, 14.29 నిమిషాలు మిగిలాయి. వేర్వేరు ప్రమాణాల్లో ఉన్న రెండు మిగుళ్లు దశాంశాలతో సహా ఒకటే అయితే అనుమానించాల్సిందే. అలాగే జవాబు వచ్చాక x1, x2లను మొదటి అసమీకరణాల్లో వేసి మిగుళ్లను చేత్తో లెక్కకట్టి, పట్టికలోని s విలువలతో సరిచూడాలి. నిమిషం పని.

కంప్యూటర్ మీద చేసేటప్పుడు ఈ చలరాశులు కనిపించవు, కానీ లోపల ఉంటాయి. పైథాన్‌లో సైపై లైబ్రరీ ఇచ్చే `linprog` అసమీకరణాల్లో ≤ వరుసలనే తీసుకుంటుంది, కనిష్ఠాన్నే వెతుకుతుంది. కాబట్టి లాభాన్నీ ఒప్పందం వరుసనూ –1తో గుణించి ఇవ్వాలి:

```python
from scipy.optimize import linprog
r = linprog(c=[-500, -400],
            A_ub=[[4, 6], [30, 20], [-1, 0]],
            b_ub=[120, 600, -8])
print(r.x, r.slack)
```

`r.x`లో 12, 12 వస్తాయి. `r.slack`లో 0, 0, 4. ఆ మూడోది స్లాక్ అనే పేరుతో వచ్చినా, –8 – (–12) = 4, అది మన సర్‌ప్లస్సే. ఇక్కడ కుడివైపు –8 ఉన్నా ఇబ్బంది లేదు, మొదటి మూలను వెతుక్కునే పని ప్రోగ్రామ్ చూసుకుంటుంది. చేత్తో చేసేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు.

ఇక Zలో స్లాక్‌లకు గుణకం సున్నా అన్న సంగతి. పాఠాల్లో దీన్ని నియమంగా చెబుతారు, కానీ అది నియమం కాదు, లెక్కను బట్టి తేలే విషయం. మిగిలిన బట్టీ నిమిషాలను ఎవరూ కొనరు కాబట్టి s2కి సున్నా సరే. మిగిలిన మైదా మాటేమిటి? సాయంత్రానికి మిగిలిన మైదాను పక్క దుకాణం కిలో 25 రూపాయలకు తీసుకుంటానంటే s1 గుణకం ఇక సున్నా కాదు, 25. మైదా 120 కిలోల లెక్కలో చివరి లైను Z = 10800 + 5s1 – 14s2 అవుతుంది, ఎందుకంటే –20కి 25 కలిసింది. ప్లస్ వచ్చింది కాబట్టి లెక్క ముగియలేదు. s1 లోపలికి వస్తుంది, ఒక్కో కిలో మిగిల్చిన కొద్దీ ఫ్రూట్ 0.3 వాయి తగ్గుతుంది. 40 కిలోల దగ్గర ఫ్రూట్ సున్నా అవుతుంది. ఉస్మానియా 20 వాయిలు, మిగిలిన మైదా 40 కిలోలు, మొత్తం 11,000 రూపాయలు. పక్క దుకాణం 15 రూపాయలే ఇస్తానంటే గుణకం –5గా ఉండిపోతుంది, 12, 12 ప్రణాళిక మారదు. మార్పు జరిగే హద్దు 20 రూపాయలు. సరిగ్గా 20 ఇస్తే s1 గుణకం సున్నా, 12–12 చేసినా ఉస్మానియా ఒక్కటే 20 వాయిలు చేసినా చేతికొచ్చేది 10,800 రూపాయలే.